బ్యాంకు బోర్డు మీద బుధవారం రేటు
భారతీయ రిజర్వ్ బ్యాంకు గవర్నర్ గారికి బహిరంగ లేఖ



నేను అడగబోయేది చాలా చిన్న పని. సెలవులు అడ్డురాకపోతే ప్రతి బుధవారం మీ సంస్థ కేంద్ర ప్రభుత్వం తరఫున ట్రెజరీ బిల్లులను వేలం వేస్తుంది. 91 రోజుల బిల్లు, 182 రోజుల బిల్లు, 364 రోజుల బిల్లు ఏ రేటుకు పోయాయో ఆ రోజే ప్రకటిస్తుంది. ఆ మూడు అంకెలను మర్నాడు దేశంలోని ప్రతి బ్యాంకు శాఖా తన నోటీసు బోర్డు మీద, ఫిక్స్‌డ్ డిపాజిట్ రేట్ల పక్కనే రాసి పెట్టాలని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. డిపాజిట్ రేట్లను బోర్డు మీద చూపాలన్న నిబంధన మీరు ఎప్పుడో పెట్టారు. బోర్డు ఉంది, దాని మీద రాసే మనిషి ఉన్నాడు. కావలసింది ఇంకో వరుస మాత్రమే.

బ్యాంకు ట్రెజరీ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. బిల్లులూ సీడీలూ సీపీలూ కొనడం, అమ్మడం, గడువు తీరిన రోజున డబ్బు వచ్చిందో లేదో చూసుకోవడం నా ఉద్యోగం. ఈ మూడు అంకెలు బోర్డు మీద లేకపోతే మామూలు మనిషికి ఏం తెలియకుండా పోతోందో, దానికి అతను ఏం చెల్లిస్తున్నాడో అక్కడ కూర్చున్నవాళ్ళకు బాగా కనిపిస్తుంది.

2024 మార్చి సంగతి చూడండి. భారతీయ స్టేట్ బ్యాంకు అప్పుడు 46 నుంచి 179 రోజుల డిపాజిట్లకు ఇస్తున్న వడ్డీ 4.75 శాతం. అదే నెలలో 91 రోజుల ట్రెజరీ బిల్లు 7 శాతానికి కొద్దిగా తక్కువలో పోతోంది. మూడు నెలల సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ల మీద బ్యాంకులు 7.5 శాతం దాటి ఇస్తున్నాయి. మూడింటికీ గడువు ఇంచుమించు ఒకటే. మూడూ ఆ నెల దేశంలో మూడు నెలల డబ్బుకు పలికిన ధరలే. అయితే బ్యాంకు గుమ్మంలోకి వెళ్ళిన మనిషికి కనిపించేది వాటిలో మొదటిది ఒక్కటే.

రూపాయల్లో చెబితే తేడా ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ట్రెజరీ బిల్లుకు వడ్డీ అంటూ విడిగా ఉండదు. తక్కువ ధరకు కొంటాం, గడువు రోజున పూర్తి ముఖ విలువ తీసుకుంటాం, మధ్యలో ఉన్నదే మన రాబడి. లక్ష రూపాయల 91 రోజుల బిల్లు 6.9 శాతం ఈల్డ్‌కు పోయిందనుకుందాం. ఏడాదికి 6.9 అంటే 91 రోజులకు సుమారు 1.72 శాతం. ఆ లెక్కన కొనే ధర 98,309 రూపాయలు. 91 రోజుల తర్వాత చేతికి లక్ష వస్తుంది, రాబడి 1,691 రూపాయలు. అదే 98,309 రూపాయలను 4.75 శాతం డిపాజిట్‌లో అదే 91 రోజులు వేస్తే వచ్చేది 1,164. తేడా 527 రూపాయలు. పన్ను రెండింటి మీదా శ్లాబు ప్రకారమే. ఒక లక్షకు, మూడు నెలలకు 527 అంటే పెద్ద మొత్తమేమీ కాదనిపించవచ్చు. కూతురి పెళ్లికని, ఇంటి రిజిస్ట్రేషన్‌కని పదీ ఇరవై లక్షలు కొన్నాళ్ళపాటు పక్కన పెట్టుకున్నవాళ్ళను అడగండి.

బ్యాంకు తరఫున ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను మధ్యలో రద్దు చేసుకోవచ్చు. కాస్త వడ్డీ కోసినా, సాయంత్రానికి డబ్బు చేతికొస్తుంది. అయిదు లక్షల దాకా బీమా కూడా ఉంది. ఈ రెండు సౌకర్యాలకూ ఖర్చవుతుంది, అంచేత బ్యాంకు కొంత తక్కువ ఇవ్వడంలో అర్థముంది. ఎంత తక్కువ అన్నదే ప్రశ్న. పక్కన కొలబద్ద లేకుండా ఆ ప్రశ్న అడగడం కూడా మామూలు మనిషికి సాధ్యం కాదు.

సీడీ దగ్గరికి వస్తే విషయం మరింత విచిత్రంగా ఉంటుంది. సీడీ అంటే బ్యాంకు పెద్ద మొత్తంలో తీసుకునే డిపాజిట్టే, చేతులు మారే కాగితం రూపంలో. ఇప్పుడు కాగితం కూడా కాదు, డీమ్యాట్ ఎంట్రీ. కనీస మొత్తం 5 లక్షలు, గడువు 7 రోజుల నుంచి ఏడాది. నిబంధన ప్రకారం వ్యక్తులు కూడా కొనవచ్చు గానీ, ఈ బజారులో లావాదేవీలు కోట్లలో నడుస్తాయి. మార్చి వస్తే బ్యాంకులకు సంవత్సరాంతపు బ్యాలెన్స్ షీటు చూసుకోవాలి. అప్పులు పెరిగినంతగా డిపాజిట్లు పెరగవు. ముందస్తు పన్ను చెల్లింపులతో బజారులో నగదు బిగుసుకుంటుంది. అప్పుడు బ్యాంకు ట్రెజరీ వాళ్ళు మ్యూచువల్ ఫండ్లకు ఫోన్ చేసి సీడీ రేటు మాట్లాడుకుంటారు. ఫండ్ దగ్గరున్న డబ్బు ఎక్కడిది? కంపెనీలది కొంత, మనలాంటి కుటుంబాలది కొంత. అంటే 4.75 శాతం బోర్డు చూసి వెనుదిరిగినవాడి డబ్బే, లిక్విడ్ ఫండ్ గుండా చుట్టు తిరిగి, 7.5 శాతానికి మళ్ళీ బ్యాంకుకే చేరుతుంది. దారి తెలిసినవాడికి ఒక రేటు, తెలియనివాడికి ఒక రేటు.

సీడీని మధ్యలో రద్దు చేసుకోలేరు కాబట్టి ఆ రేటు న్యాయమే అంటారు. మామూలు రోజుల్లో నిజమే. కానీ 2008 అక్టోబరును గుర్తు తెచ్చుకోండి. లేమన్ బ్రదర్స్ కూలాక కంపెనీలు మ్యూచువల్ ఫండ్ల నుంచి డబ్బు వెనక్కి లాగేశాయి. ఫండ్ల చేతిలో ఉన్నవేమో అమ్ముడుపోని సీడీలూ సీపీలూ. దువ్వూరి సుబ్బారావు గారు గవర్నర్‌గా వచ్చి అప్పటికి నెల దాటిందంతే. అక్టోబరు 14న రిజర్వ్ బ్యాంకు ఫండ్లను ఆదుకోవడానికి బ్యాంకులకు 20,000 కోట్ల రూపాయల ప్రత్యేక రెపో తెరిచింది. ఫండ్ల చేతిలోని సీడీల మీద బ్యాంకులు అప్పు ఇవ్వడానికీ, తమ సీడీలను గడువుకు ముందే తిరిగి కొనడానికీ తాత్కాలికంగా వీలు కల్పించింది. ఆ పరిస్థితిలో చేయవలసిన పనే, తప్పు పట్టను. అయితే మధ్యలో వెనక్కి ఇవ్వరాదన్న నియమం పెద్దవాళ్ళకు అవసరం వచ్చినప్పుడు సడలిందన్నది కూడా రికార్డులో ఉంది.

ఇక కమర్షియల్ పేపర్. నా కోరికకు అసలు కారణం ఇదే కనుక కాస్త వివరంగా రాస్తాను.

మన వైపు ప్రోనోటు తెలియని ఇల్లు ఉండదు. సీపీ అచ్చంగా అదే. కంపెనీ రాసిచ్చే ప్రామిసరీ నోటు, తనఖా ఏదీ ఉండదు. 7 రోజుల నుంచి ఏడాది గడువు, కనీసం 5 లక్షలు, టి-బిల్లు లాగే తక్కువ ధరకు కొని పూర్తి విలువ తీసుకోవడం. 1987లో వాఘుల్ కమిటీ సిఫారసు చేస్తే, 1990లో మన దేశంలో మొదలైంది. సీజన్‌లో పత్తి కొని, నూలు అమ్మి తీర్చే మిల్లుకు, రెండు నెలల్లో ఎరువుల సబ్సిడీ బిల్లు రావలసిన కంపెనీకి ఇది చక్కటి సాధనం. అప్పు గడువూ వసూలు గడువూ దగ్గర దగ్గరగా ఉంటాయి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, వసూలు పదేళ్ళకు రావలసిన కంపెనీ 90 రోజుల సీపీతో అప్పు తెచ్చినప్పుడు. 90వ రోజున తీర్చడానికి దాని దగ్గర డబ్బుండదు. కొత్త సీపీ అమ్మి, పాత సీపీ తీరుస్తుంది. దీన్నే రోల్‌ఓవర్ అంటాం. మళ్ళీ 90 రోజులకు మళ్ళీ అదే. ప్రతిసారీ కొనేవాడు ఉన్నంత కాలం ఎవరికీ ఏ ఇబ్బందీ కనిపించదు. రేటింగు సంస్థ 'ఎ1+' అని రాస్తుంది, గడువు రోజున డబ్బు వస్తుంది, చూసేవాడికి ఇది టి-బిల్లు అంత భద్రంగానే అనిపిస్తుంది. పైగా ఓ శాతం ఎక్కువ ఇస్తోంది.

ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అలాగే నడిచింది. జమ్మూ-కశ్మీర్‌లోని చెనాని-నష్రి సొరంగం లాంటివి కట్టిన సంస్థ. సత్యం కుంభకోణం తర్వాత మన హైదరాబాదు మేటాస్ ఇన్‌ఫ్రాను చేతిలోకి తీసుకున్నదీ ఇదే. రోడ్లూ సొరంగాల మీద రాబడి టోలు రూపంలో ఏళ్ళ తరబడి నెమ్మదిగా వస్తుంది. అప్పుల్లో చెప్పుకోదగ్గ భాగం మాత్రం స్వల్పకాలికం. 2018 ఆగస్టు ఆరంభం వరకు దానికి అత్యున్నత రేటింగు ఉంది. సెప్టెంబరు నడిమికి ఆ రేటింగు 'డి'కి, అంటే ఎగవేత మెట్టుకు పడిపోయింది. మధ్యలో ఉన్నది ఆరేడు వారాలు. గ్రూపు మొత్తం అప్పు సుమారు 91,000 కోట్ల రూపాయలు. అక్టోబరు 1న ప్రభుత్వం పాత బోర్డును పక్కన పెట్టి, ఉదయ్ కోటక్ నాయకత్వంలో కొత్త బోర్డును నియమించాల్సి వచ్చింది. ఆ వారాల్లో కొత్తగా ఏ సొరంగమూ కూలలేదు, టోలు గేట్లు మూతపడలేదు. కొత్త సీపీ కొనేవాడు రాలేదు, అంతే.

భయం ఒక కంపెనీతో ఆగదు. సెప్టెంబరు 21న ఒక మ్యూచువల్ ఫండ్ తన దగ్గరున్న డీహెచ్ఎఫ్ఎల్ సీపీలను మామూలు కన్నా చాలా ఎక్కువ ఈల్డ్‌కు, అంటే చౌకగా, అమ్మేసిందన్న వార్త బజారులో పాకింది. అప్పటికి డీహెచ్ఎఫ్ఎల్ ఒక్క రూపాయి కూడా ఎగవేయలేదు. అయినా ఆ రోజు దాని షేరు 40 శాతానికి పైగా పడింది. తొమ్మిది నెలల తర్వాత, 2019 జూన్‌లో, ఆ సంస్థ నిజంగానే సీపీ బాకీలు తీర్చలేకపోయింది.

దీనికి ముందే ఇంకో సంఘటన ఉంది. మొత్తం చిన్నది కాబట్టి ఎక్కువమంది మరిచిపోయారు గానీ, నేను చెప్పదలచిన విషయానికి ఇదే ఎక్కువ దగ్గర. 2017 ఫిబ్రవరిలో బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ అనే కాగితం తయారీ కంపెనీ సీపీల రేటింగు 'డి'కి పడింది. వాటిని పట్టుకున్న టారస్ సంస్థ లిక్విడ్ ఫండ్ విలువ ఒక్క రోజులో 7 శాతానికి పైగా తగ్గింది. అంటే ఏడాది రాబడి ఒక పూటలో పోయింది. లిక్విడ్ ఫండ్లో డబ్బు పెట్టేవాడు లాభం కోసం పెట్టడు. వచ్చే నెల ఫీజు కట్టాలి, అడ్వాన్సు ఇవ్వాలి అని పక్కన పెట్టిన సొమ్ము అది.

మా వీధిలో రిటైరైన టీచరు గారు ఒకరున్నారు. గ్రాట్యుటీ డబ్బులో కొంత ఒక లిక్విడ్ ఫండ్లో పెట్టారు. "లిక్విడ్ అంటే నగదుతో సమానమే కదా అన్నయ్యగారూ, బ్యాంకు అబ్బాయి అలాగే చెప్పాడు" అన్నారు.

"ఆ ఫండ్ ఏం కొన్నదో నెలకోసారి కాగితం వస్తుందమ్మా, చూశారా?"

"వస్తుంది. కంపెనీల పేర్లు, పక్కన ఎ1 ప్లస్, ఎ1 ప్లస్ అని ఉంటుంది. అన్నీ ఫస్టు క్లాసే అనుకున్నాను."

అందులో తప్పేముంది? జీవితమంతా మార్కులు వేసిన మనిషి, మార్కు చూసి నమ్మారు. నేనామెకు చెప్పింది ఒక్కటే. మార్కు పక్కన పెట్టి, ఆ ఫండ్ చూపిస్తున్న ఈల్డ్ నుంచి అదే గడువు టి-బిల్లు ఈల్డ్ తీసివేయండి. మిగిలేదే మీరు మోస్తున్న ప్రమాదానికి కూలి. అర శాతం ఉంటే ఒక మాదిరి. ఒకటిన్నర, రెండు శాతం ఉంటే ఆ ఫండ్ ఎవరి ప్రోనోట్లు కొన్నదో ఒక్కొక్క పేరూ చదవాలి. "మరి ఆ టి-బిల్లు ఈల్డ్ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు. రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఫలానా చోట, ఫలానా ప్రకటనలో అని చెబుతుంటే నాకే అర్థమైంది, ఆవిడ అక్కడికి వెళ్ళరని. మీకు రాయాలని అనిపించింది అప్పుడే.

ఆ కూలి ఎంత చిన్నదో కూడా లెక్క వేసి చూపించాలి. టి-బిల్లు కన్నా ఒక శాతం ఎక్కువ ఇచ్చే 91 రోజుల సీపీలో అదే 98,309 రూపాయలు పెడితే, అదనంగా వచ్చేది సుమారు 245 రూపాయలు. ఆ సీపీ ఒక్కసారి పూర్తిగా ఎగవేతకు గురైతే పోయేది 98,309. పోయినదాన్ని 245 చొప్పున పూడ్చుకోవాలంటే ఇంచుమించు 400 విడతలు కావాలి. ఏడాదికి నాలుగు విడతల లెక్కన నూరేళ్ళు. నిజానికి ఎగవేతలో ఎంతో కొంత తిరిగి వస్తుంది, ఫండ్ డబ్బంతా ఒకే సీపీలో ఉండదు, అంచేత అసలు నష్టం ఇంత ఉండదు. సెబీ కూడా 2019లో లిక్విడ్ ఫండ్లు కనీసం 20 శాతం నగదు, ప్రభుత్వ పత్రాల లాంటి వాటిలో ఉంచాలని నియమం పెట్టింది. అది మంచి మార్పు. అయినా సీపీలో లాభానికి హద్దు ఎక్కడుందో, నష్టానికి హద్దు ఎక్కడుందో ఈ లెక్క చెబుతుంది. హద్దు తెలిసి ఆ 245 కోసం వెళ్ళేవాళ్ళు వెళ్ళనివ్వండి. తెలియక వెళ్ళడమే బాధ.

రోల్‌ఓవర్ మీద నడిచే కంపెనీని ముందుగా పట్టుకోవడం ట్రెజరీ వాళ్ళకు కొంత సాధ్యమే. మేం చూసేది రేటింగు కాదు. ఆ కంపెనీ నిరుడు ఆరు నెలల సీపీలు అమ్మింది, ఈ ఏడు మూడు నెలలవి, మొన్న నెల రోజులవి, ఇప్పుడు పదిహేను రోజులవి అడుగుతోంది అంటే, ఎక్కువ కాలానికి దాన్ని నమ్మేవాళ్ళు తగ్గిపోతున్నారన్నమాట. అదే గడువు టి-బిల్లుకూ దాని సీపీకీ మధ్య దూరం వారం వారం పెరుగుతుంటే రెండో గుర్తు. ఈ రెండో గుర్తు కనిపెట్టడానికీ ముందు టి-బిల్లు రేటు తెలియాలి. ఎటు తిరిగినా దాని దగ్గరికే వస్తాం.

ఆ రేటుకు ఇంత నమ్మకం ఊరికే రాలేదు. 1974 నుంచి ఏళ్ళ తరబడి ట్రెజరీ బిల్లు రేటు 4.6 శాతం అని కట్టేసి ఉండేది. బజారులో ధరలు ఎంత మండినా అదే. ప్రభుత్వానికి డబ్బు కావలసినప్పుడల్లా అడ్‌హాక్ బిల్లులు పుట్టేవి, రిజర్వ్ బ్యాంకు తీసుకునేది. అప్పటి టి-బిల్లు రేటు ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. 1992లో 364 రోజుల బిల్లుకు, 1993లో 91 రోజుల బిల్లుకు వేలం వచ్చింది. సి. రంగరాజన్ గారు గవర్నర్‌గా ఉన్నప్పుడు, 1997 ఏప్రిల్ 1 నుంచి అడ్‌హాక్ బిల్లులు పూర్తిగా ఆగిపోయాయి. అప్పటినుంచి ఆ అంకె నిజమైన బేరంలో పుడుతోంది. అంత కష్టపడి నిజం చేసిన అంకెను కొద్దిమంది డీలర్ల స్క్రీన్ల మీదే వదిలేయడం దేనికి?

సామాన్యుడి కోసం మీ సంస్థ తలుపు తీయలేదని అనను. 2021 నవంబరు 12న రిటైల్ డైరెక్ట్ పథకం వచ్చింది. పాన్, ఆధార్, ఒక పొదుపు ఖాతా ఉంటే రుసుము లేకుండా రిజర్వ్ బ్యాంకు దగ్గరే ఖాతా తెరవవచ్చు. పది వేల రూపాయల నుంచి టి-బిల్లు కొనవచ్చు. ధర ఎంత పెట్టాలో తెలియదని భయపడనక్కర్లేదు, ఎందుకంటే చిన్న మదుపరి నాన్-కాంపిటీటివ్ బిడ్ వేస్తాడు, అంటే ధర చెప్పడు, ఎంత మొత్తం కావాలో చెబుతాడు. బ్యాంకులూ ఫండ్లూ పోటీపడి కొన్న ధరల సగటు ఎంతో అదే ధరకు అతనికీ ఇస్తారు. కోట్లు పెట్టిన డీలరు రేటే పది వేలు పెట్టినవాడికీ దక్కే చోటు మన ఆర్థిక వ్యవస్థలో ఇంకొకటి చూపించండి చూద్దాం. వేలం కాకముందు ధర తెలియదు కాబట్టి కాస్త ఎక్కువ తీసుకుని, మిగిలింది వెనక్కి ఇస్తారు. గడువు రోజున డబ్బు దానంతటదే ఖాతాలో పడుతుంది. ప్రతిసారీ తిరిగి బిడ్ వేయనక్కర్లేకుండా ఆటో-బిడ్డింగ్ సౌకర్యాన్ని 2025 ఆగస్టులో ప్రకటించారు. బాగుంది.

ఇందులో నాకు కనిపించే లోటు ఒకటే, మధ్యలో డబ్బు అవసరమైతే ఏం చేయాలన్నది. బిల్లును బజారులో అమ్ముకోవచ్చు. కానీ పది వేలు, యాభై వేల బిల్లులు డీలర్లకు ఆనవు. చిన్న మదుపరి అడిగితే ధర చెప్పే బాధ్యతను 2022 జనవరిలో ప్రైమరీ డీలర్ల మీద పెట్టారు. బజారు తెరిచి ఉన్నంతసేపూ వాళ్ళు స్క్రీన్ మీద ఉండాలన్నారు. మరి ఎంతమంది చిన్నవాళ్ళు అడిగారు, ఎంతసేపట్లో ధర చెప్పారు, ఆ ధర అప్పటి బజారు ధరకు ఎంత దూరంలో ఉందో మూడు నెలలకోసారి ప్రకటించండి. అంతవరకు నేను ఎవరికైనా చెప్పేది ఇదే: గడువు దాకా ముట్టుకోనక్కర్లేని డబ్బే టి-బిల్లులో పెట్టండి, ఆస్పత్రి డబ్బు బ్యాంకులోనే ఉంచండి.

నా కోరికకు బ్యాంకుల అభ్యంతరం ఊహించగలను. మా బోర్డు మీద పక్కకొట్టు ధర మేమెందుకు రాయాలి, చూసినవాళ్ళంతా డిపాజిట్లు లాక్కుని వెళ్ళిపోరా అంటారు. దానికి 2020 నవంబరును జవాబుగా చూపిస్తాను. కోవిడ్ నాడు బజారులో నగదు పొంగిపొర్లి, 91 రోజుల బిల్లు రేటు 3 శాతం దరిదాపులకు దిగిపోయింది. అదే స్టేట్ బ్యాంకు అప్పుడు 46 నుంచి 179 రోజుల డిపాజిట్లకు 3.9 శాతం ఇస్తోంది. ఆ నెలలో బోర్డు మీద రెండు అంకెలూ ఉండి ఉంటే, గెలిచేది బ్యాంకే. టి-బిల్లు రేటు వారం వారం ఎక్కుతుంది, దిగుతుంది. బ్యాంకు బోర్డు నెలలపాటు కదలదు. ఒకప్పుడు ఇది మేలు, ఒకప్పుడు అది మేలు. ఎప్పుడు ఏది మేలో చూసుకునే వీలు డబ్బు పెట్టేవాడికి ఉండాలి కదా.

బోర్డు మీద ఎలా రాయాలన్నది మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఈల్డ్ శాతాన్ని చూసి 91 రోజులకే 6.9 శాతం వస్తుందనుకునేవాళ్ళు తప్పకుండా ఉంటారు. అంచేత శాతం పక్కన రూపాయలు కూడా ఉండాలి: "ఈ బుధవారం లక్ష రూపాయల 91 రోజుల ట్రెజరీ బిల్లు సగటు ధర 98,309 రూపాయలు. గడువుకు ముందు బ్యాంకు వెనక్కి తీసుకోదు." డిపాజిట్ వరుసలోనూ అదే 98,309కి 91 రోజుల్లో ఎంత వస్తుందో రూపాయల్లో ఉండాలి. రెండూ తెలుగునాట తెలుగులో, తమిళనాట తమిళంలో.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. పార్లమెంటు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. మీ సంతకంతో ఒక సర్క్యులర్ చాలు. అన్ని శాఖలూ ఒకేసారి కష్టమైతే ముందు జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలతో మొదలుపెట్టించండి. వచ్చే ఆర్థిక సంవత్సరం మొదటి బుధవారం వేలం ఫలితం మా ఊరి బ్యాంకు బోర్డు మీద కనిపించేలా చూడమని మనవి.

ఇట్లు,
బ్యాంకు ట్రెజరీలో పనిచేసి రిటైరైన ఒక ఖాతాదారు